గోడ పక్కన వదలని సెంటీమీటరు

జంషెడ్‌పూర్ కద్మాలో ఒక డాబా ఇల్లు అనుకోండి. కింద తాతల కాలపు వాటా, పైన కొత్తగా వేసిన అంతస్తు. పై హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. స్లాబు వేసిన నాలుగో నెలలో, ఎండాకాలంలో, రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ పరిచారు. పలకకూ పలకకూ మధ్య సందు కనిపించకుండా, ఒకదాన్ని ఆనించి ఇంకొకటి వేశారు. చూసినవాళ్ళంతా పనితనం బాగుందన్నారు. జనవరిలో ఒక తెల్లవారుజామున హాలులో పెద్ద శబ్దం వచ్చింది. లైటు వేసి చూస్తే గది మధ్యలో రెండు వరుసల పలకలు అంచుకు అంచు ఆనుకుని, గుడారం కప్పులా పైకి లేచి ఉన్నాయి. కింద వేలు దూరేంత ఖాళీ. ఒక్క పలక కూడా పగల్లేదు.

ఇలా జరిగిన ఇంట్లో మొదట వచ్చే మాట టైల్స్ నాసిరకమని. దుకాణంవాడు మేస్త్రీని అంటాడు, మేస్త్రీ సిమెంటును అంటాడు. నా అనుభవంలో ఇలా లేచిన గచ్చులో పలక తప్పు చాలా అరుదు. పగలకుండా లేచిందంటే అది గట్టి పలకే. తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఆ గదిలో ఏది ఎంత కదిలిందో ముందు లెక్కవేయాలి. ఈ అధ్యాయమంతా ఆ హాలు వెంటే నడుస్తుంది. పగుళ్ళ సంగతి మధ్యలో కొంచెం చెబుతాను. కింది అంతస్తు సంగతి వేరు, దానికీ ఒకచోట ఆగుతాను, ఎందుకంటే ఈ ఊళ్ళో దానికొక ప్రత్యేక కారణం ఉంది.

స్లాబు కాంక్రీటు పోసిన రోజు ఉన్నంత పొడవు ఆ తర్వాత ఉండదు. అందులోని నీరు ఆరేకొద్దీ అది ముడుచుకుంటుంది. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఈ ముడుపును, వేరే సమాచారం లేనప్పుడు, మీటరుకు 0.3 మిల్లీమీటర్లుగా లెక్కించమంటుంది. అంటే 5 మీటర్ల హాలుకు 1.5 మిల్లీమీటర్లు. ఇది ఒక్క నెలలో అయిపోయేది కాదు, ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతుంది. నాలుగో నెలలో టైల్స్ పరిస్తే ఆ ముడుపులో పెద్ద భాగం ఇంకా మిగిలే ఉంటుంది, అదంతా టైల్స్ కింద జరుగుతుంది. మన హాలులో ఒక మిల్లీమీటరు మిగిలిందనుకుందాం. పలక కింద పరిచిన ఇసుక సిమెంటు మాలు కూడా ఆరుతూ ముడుచుకుంటుంది, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

విట్రిఫైడ్ పలక మాత్రం ముడుచుకోదు. అది కొలిమిలో కాలి వచ్చింది. దానిలో ఆరడానికి నీరు లేదు, తన బరువులో అర శాతానికి మించి నీటిని పీల్చుకోదు కూడా. కింద నేల దగ్గరవుతోంది, పైన పలకలు తమ పొడవు వదలడం లేదు. సందులు లేవు కాబట్టి పలకలన్నీ కలిసి ఒకే కట్టె అయి, రెండు గోడల మధ్య ఇరుక్కుంటాయి.

దీనికి చలి తోడవుతుంది. జంషెడ్‌పూర్‌లో మే నెల పగలు 40 డిగ్రీలు దాటడం, చలికాలం రాత్రి 10 డిగ్రీల కిందికి పోవడం మనకు కొత్త కాదు. ఇంటి లోపల నేల అంత వేడెక్కదు, అంత చల్లబడదు. అయినా టైల్స్ పరిచిన వేసవి నాటికీ జనవరి తెల్లవారుకూ 20 డిగ్రీల తేడా ఉంటుందనుకోవడం ఎక్కువేం కాదు. చల్లబడితే పలకా ముడుచుకుంటుంది, కాంక్రీటూ ముడుచుకుంటుంది. కానీ కాంక్రీటు ఎక్కువ ముడుచుకుంటుంది, పలక దానిలో సగానికి కాస్త పైన మాత్రమే. 5 మీటర్ల మీద ఆ తేడా అర మిల్లీమీటరు దాకా వస్తుంది. ఇంతకుముందు మిగిలిన మిల్లీమీటరుతో కలిపితే 1.5 మిల్లీమీటర్లు.

ఒకటిన్నర మిల్లీమీటరు ఏపాటిది, పది రూపాయల నాణెం మందం కూడా కాదు కదా అనిపిస్తుంది. ఒక శుభలేఖ అట్టను బల్లమీద పెట్టి రెండు చివరలనూ వేళ్ళతో కాస్త దగ్గరికి నొక్కి చూడండి. చివరలు జరిగింది కంటికి ఆనదు, నడుమ మాత్రం అట్ట బాగా పైకి లేస్తుంది. పలకల లెక్కా ఇదే. 600 మిల్లీమీటర్ల పలకలు రెండు ఎదురెదురుగా లేచి, ఆ 1.5 మిల్లీమీటర్లూ ఆ ఒక్కచోటే విడుదలైతే, కలిసిన అంచు నేల నుంచి 30 మిల్లీమీటర్ల ఎత్తుకు వస్తుంది. అంగుళం కన్నా ఎక్కువ. ఆ ఇంట్లో వేలు దూరిన ఖాళీ అక్కడినుంచి వచ్చిందే. శబ్దం కూడా అందుకే. నెలల తరబడి కూడుకున్న ఒత్తిడి క్షణంలో వదిలిపోయింది.

చలికి పలకలు లేవడం మన ఊరికే పరిమితం కాదు. ఏడాదంతా ఉక్కపోసే సింగపూర్‌లో 2018 జనవరిలో కొన్ని రోజులు మామూలు కన్నా బాగా చల్లబడితే ఎన్నో ప్రభుత్వ ఫ్లాట్లలో గచ్చు పలకలు లేచి జనం బెంబేలెత్తారు. అక్కడ ఉష్ణోగ్రత తగ్గింది కొద్ది డిగ్రీలే. చలి అక్కడ చివరి తోపు మాత్రమే, ఒత్తిడి ముందే పేరుకుని ఉంది. మన హాలులోనూ అంతే. జనవరి చలిని తప్పుబట్టి లాభం లేదు, అది రాకపోతే మరుసటి ఏడు ఇంకేదో కారణంతో లేచేది.

ఇంకో కదలిక కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. స్లాబు కాలక్రమేణా కిందికి వంగుతుంది. గోడలూ గచ్చూ పడ్డ తర్వాత జరిగే వంపు, పొడవును 350తో భాగిస్తే వచ్చేంత వరకు, గరిష్ఠంగా 20 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చని ఐఎస్ 456 ఒప్పుకుంటుంది. 5 మీటర్ల స్లాబుకు అది 14 మిల్లీమీటర్లు. ఇల్లు కూలుతోందని కాదు, ఇంజనీరు దృష్టిలో ఇది మామూలే. కానీ కిందికి వంగిన స్లాబు పైముఖం మధ్యభాగంలో నొక్కుకుపోతుంది. ఆ ముఖం మీదే పలకలు కూర్చున్నాయి. వాటి మీద ఇంకాస్త ఒత్తిడి పడుతుంది.

ఇంతవరకు చెప్పింది కదలిక. ఇది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మరి ప్రతి ఇంట్లోనూ పలకలు ఎందుకు లేవవు? కింది పట్టు గట్టిగా ఉంటే పలక ఆ ఒత్తిడిని భరిస్తూ అలాగే కూర్చుంటుంది. లేదా సందులుంటే ఒత్తిడే పుట్టదు. పట్టూ లేక, సందూ లేకపోతే అప్పుడు లేస్తుంది. మన హాలులో రెండూ లేవు.

పట్టు ఎందుకు లేదో తెలుసుకోవడానికి లేచిన పలకను తిరగేస్తే చాలు. అందుకే లేచిన పలకను పారేయకండి, వెంటనే కడగనూ వద్దు. దాని వెనక్కీ కింద మిగిలిన బెడ్డుకూ ఫోటో తీసుకోండి. పలక వెనక శుభ్రంగా ఉండి, కింది మాలు మీద పలక వెనకున్న గళ్ళ అచ్చు స్పష్టంగా కనిపిస్తే, మాలు గట్టిపడింది కానీ పలకను పట్టుకోలేదని అర్థం. విట్రిఫైడ్ విషయంలో ఎక్కువగా కనిపించేది ఇదే. పాతకాలపు ఎర్ర పలకో, గోడకు వేసే సిరామిక్ పలకో అయితే సిమెంటు పాలను కాస్త లోపలికి పీల్చుకుంటుంది, ఆ పీల్చుకున్నదే గట్టిపడి పట్టుకుంటుంది. విట్రిఫైడ్‌కు పీల్చుకునే గుణం లేదు. ఉత్త సిమెంటు పాలు దానికి అంటుకున్నట్టు కనిపిస్తాయి గానీ నిలవవు. దానికితోడు కొలిమిలో రోలర్లకు అతుక్కోకుండా ఫ్యాక్టరీలో పూసిన తెల్లటి పొడి పలక వెనక మిగిలి ఉంటుంది. వేలితో రుద్దితే చేతికంటుతుంది. తడిగుడ్డతో తుడవకుండా వేస్తే సిమెంటు ఆ పొడిని పట్టుకుంటుంది, పలకను కాదు.

పలకతోపాటు మాలు కూడా లేచి వచ్చి, కింద స్లాబు నున్నగా బయటపడితే కథ వేరు. స్లాబు మీద దుమ్ము, ప్లాస్టరింగప్పుడు రాలిన మాలు, పెయింటు చుక్కలు ఊడ్చకుండా, తడపకుండా బెడ్డు వేశారు. వెనక నాలుగు మూలలా నడుమా ముద్దలు ముద్దలుగా మాత్రమే అంటి ఉంటే, ముద్దలు పెట్టి పలకను నొక్కేసి వదిలేశారని అర్థం.

ఈ ఊరి సిమెంటు గురించి ఒక మాట. ఉక్కు కర్మాగారం ఉన్నచోట బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగు ఉంటుంది, దాన్ని కలిపి చేసిన స్లాగు సిమెంటు జోజోబేరాలోనే తయారవుతుంది, చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ అదే ఎక్కువగా వాడతారు. మంచి సిమెంటు. అయితే మొదటి రోజుల్లో దాని బలం నెమ్మదిగా వస్తుంది, చలిలో మరీ నెమ్మది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు నీళ్ళు పట్టాలంటే, ఇలా కలిపిన సిమెంటుకు కనీసం 10 రోజులు పట్టాలని ఐఎస్ 456 చెబుతోంది. ఆ నియమం కాంక్రీటుకు రాసిందే అయినా, బెడ్డుకూ అదే సిమెంటు కాబట్టి అదే ఓపిక కావాలి. మర్నాడే పలకల మీద తిరిగి, మూడో రోజు బీరువా జరిపితే, ఇంకా పట్టు కుదరని మాలు లోపల కదిలిపోతుంది. పైకి ఏమీ కనిపించదు.

పగుళ్ళ సంగతి పలకలు లేవడం కంటే వేరు, వాటి గీతే కారణం చెబుతుంది. ఒకే గీత నాలుగైదు పలకల్ని వరుసగా కోసుకుంటూ పోతే, ఆ గీత కింద స్లాబులో పగులుంది, లేదా కింద దూలం అంచు ఉంది, లేదా పాత స్లాబుకు కొత్త స్లాబు అతికిన చోటు అది. పలకలు ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ అక్కడే చీలుతాయి. ఒక్క పలకకే మూల విరిగితే కింద ఆ మూల డొల్లగా ఉండి, దాని మీద మంచం కోడో, జారిపడ్డ కుక్కరో పడి ఉంటుంది. పొడవాటి పలకల్ని ఇటుకల్లా సగానికి సగం జరిపి పేరిస్తే మూలలు ఎగుడుదిగుడై అంచులు చిట్లుతాయి. పొడవు పలకలు కొలిమిలో కొంచెం విల్లులా వంగుతాయి కాబట్టి, 15 అంగుళాలకు మించిన పలకల్ని మూడోవంతుకు మించి జరపకూడదని అమెరికా ప్రమాణాలు చెప్పేది ఇందుకే.

కింది అంతస్తుకు వద్దాం. జంషెడ్‌పూర్‌లో, ఆదిత్యపూర్‌లో, మాంగోలో పునాది గోడల మధ్య మెరక చేయడానికి మట్టితోపాటు స్లాగు నింపిన ఇళ్ళు ఉంటాయి. స్లాగు అంటే ఒకటే అనుకోకూడదు. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చేది ఒకటి, అది సిమెంటులోకి పోయేది, నింపుడుకు పెద్దగా హాని చేయదు. ఉక్కు తయారుచేసే ఎల్‌డీ కొలిమి నుంచి వచ్చేది ఇంకొకటి. ఇందులో కలవకుండా మిగిలిన సున్నం ఉంటుంది. తడి తగిలినప్పుడు అది పొంగుతుంది, అదీ ఏళ్ళ తరబడి. అందుకే ఎల్‌డీ స్లాగును రోడ్లకు వాడేముందు ఆవిరి పట్టి పొంగు పోగొడతారు. అలా చేయని తాజా రాళ్ళు గది కింద నింపితే వానాకాలం తేమ తగిలినప్పుడల్లా నేల మొత్తం కిందినుంచి పైకి వస్తుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఇక్కడ పలకలు బెడ్డును వదలవు, బెడ్డుతో సహా గది మధ్య ఉబ్బుతుంది. గోడ మొదట్లో అడ్డంగా పగుళ్ళు కనిపిస్తాయి, తలుపు కింద రాసుకుంటుంది. ఒకచోట తవ్వి చూస్తే బరువైన, నల్లబూడిద రంగు రాళ్ళు, వాటిమీద అక్కడక్కడ తెల్లటి సున్నపు మచ్చలు ఉంటాయి. ఇలాంటి నేల మీద ఏ టైల్ గమ్ము వేసినా, ఎన్ని సందులు వదిలినా డబ్బు వృథా. నింపిన స్లాగును తీసేసి, మంచి మట్టో ఇసుకో పొరలు పొరలుగా తడిపి గుద్ది, ఆ మీద కాంక్రీటు వేయాలి. ఖర్చు ఎక్కువే. దీనికి తక్కువలో వైద్యం నాకు తెలిసి లేదు. కొత్తగా కట్టేవాళ్ళు మాత్రం నింపుడు లారీ దిగే రోజే ఏం వచ్చిందో చూసుకోండి.

మళ్ళీ పై హాలుకు వెళ్దాం. ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఇంటివారి చేతిలో పూర్తిగా ఉన్నది సందు ఒక్కటే. స్లాబు ముడుపును ఆపలేము, చలిని ఆపలేము. గది చుట్టూ గోడకూ పలకకూ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం మాత్రం పైసా ఖర్చులేని పని. స్కర్టింగ్ పలక మందమే ఇంచుమించు అంత ఉంటుంది కాబట్టి అది ఆ ఖాళీని కప్పేస్తుంది, అతిథి కంటికి కనిపించదు. అలా కనిపించకపోవడం వల్లే దాన్ని ఎవరూ అడగరు, మేస్త్రీ వదలడు. వదిలినా సాయంత్రం మిగిలిన మాలంతా ఊడ్చి అందులోకే నెడతారు. మాలుతో నిండిన ఖాళీ ఖాళీ కాదు. అది గట్టిపడితే పలక మళ్ళీ గోడకే ఆనుతుంది.

పలకకూ పలకకూ మధ్య సందు సంగతి కూడా ఇదే కోవలోది. మన దగ్గర సందు కనిపించకపోవడమే అందమని పేరు పడింది. దీన్ని నేను ఒప్పుకోను. పలకలన్నీ ఖచ్చితంగా ఒకే కొలతలో రావు, అర మిల్లీమీటరు తేడాలు ఉంటాయి. ఆనించి వేస్తే పెద్ద పలకలు చిన్నవాటిని నెడతాయి, పైగా ఆ వెంట్రుకవాసి గీతలోకి తెల్ల సిమెంటు దిగదు, పైపైన పూత అయి నెలకే రాలిపోతుంది. 2 నుంచి 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టి, పలక రంగు గ్రౌటు నింపితే పదడుగుల దూరం నుంచి గీత కనిపించదు. అయితే గ్రౌటు కూడా గట్టిదే. గది మొత్తం కదలికను అది మోయలేదు, దానికి గోడ పక్క మెత్తటి ఖాళీయే దిక్కు.

ఒకే గది అయితే ఈ చుట్టు ఖాళీ చాలు. హాలు నుంచి నడవా, నడవా నుంచి పడకగది దాకా ఒకే పరుపుగా టైల్స్ పోతే చాలదు. ఇంటి లోపల సుమారు 25 అడుగులకొకసారి, ఎండా వానా తగిలే బాల్కనీ, డాబా మీద 8 నుంచి 12 అడుగులకొకసారి మెత్తటి జాయింటు ఉండాలని అమెరికా టైల్ కౌన్సిల్ చేతిపుస్తకం చెబుతుంది. మన ఇళ్ళలో దీనికి సులువైన చోటు గుమ్మం. తలుపు రెక్క కింద గీతలో 8 మిల్లీమీటర్ల సందు తీసి, స్లాబు దాకా దించి, లోపల ఫోము తాడు పెట్టి, పైన పలక రంగు సిలికాన్ నింపితే తలుపు వేసినప్పుడు అది కనిపించదు. పడమటి ఎండ తగిలే బాల్కనీలో ముదురు రంగు పలకలు వేసినవారికి ఈ జాయింటు ఇంకా ముఖ్యం. అక్కడ కథ తిరగబడుతుంది, పలక కింది కాంక్రీటుకంటే ఎక్కువ వేడెక్కి తానే సాగుతుంది, మే మధ్యాహ్నం లేస్తుంది.

ఇప్పుడు లేచిన హాలును ఎలా బాగుచేయాలి? ముందు చేయకూడనిది చెబుతాను. లేచిన పలకల మీద నిలబడి, లేదా రబ్బరు సుత్తితో కొట్టి కిందికి దించకండి. సందులోకి సిమెంటు పాలు పోయకండి. అవి దిగాల్సిన చోటు ఇప్పుడు 1.5 మిల్లీమీటర్లు ఇరుకైంది. బలవంతంగా దించితే అదే ఒత్తిడిని మళ్ళీ ఎక్కించి పెట్టినట్టవుతుంది, ఈసారి పక్క వరుస లేస్తుంది. పలకలు ఊడదీసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, బిగువులో ఉన్న పలక చిట్లి ముక్కలు ఎగురుతాయి.

తర్వాత గది మొత్తం తట్టి చూడాలి. నాణెమో, చెక్క గరిటె కాడో చాలు. ప్రతి పలకనూ నడుమా నాలుగు మూలలా తట్టి, డొల్లగా పలికిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒకటి గమనించాలి, డొల్ల శబ్దం వచ్చినంత మాత్రాన ప్రతి పలకనూ పీకనక్కర్లేదు. ఇసుక మాలు బెడ్డులో గాలి ఉంటుంది కాబట్టి కొంత శబ్దం మామూలే. మూలలు డొల్లగా ఉన్నా, తొక్కితే కదిలినా, సందులో గ్రౌటు పొడిగా రాలుతున్నా అది పని చేయాల్సిన పలక. గుర్తులు గదిలో మూడోవంతుకు మించితే, నా మాటగా చెబుతున్నాను, ముక్కలు ముక్కలుగా బాగుచేయించడం కన్నా మొత్తం తీసి వేయించడమే నయం. మన హాలులో లేచిన రెండు వరుసలూ వాటి పక్కన ఇంకో వరుసా మాత్రమే గుల్ల అనుకుందాం.

అప్పుడు పని రెండు చోట్ల జరగాలి. లేచిన చోట పలకలు తీసి, కింద బెడ్డును 5 మిల్లీమీటర్ల లోతు చెక్కి, దుమ్ము ఊడ్చి, తడి చేసి, పలకల అంచును 4, 5 మిల్లీమీటర్లు కోసి, మిగతావాటికీ వాటికీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు వచ్చేలా గమ్ముతో వేయాలి. ఇది సగం పనే. పొడవు వైపు ఒక గోడ పక్క, వెడల్పు వైపు ఒక గోడ పక్క స్కర్టింగ్ ఊడదీసి, అంచు వరుస పలకలు తీసి, సెంటీమీటరు తగ్గించి కోసి, గోడ మొదట్లో మాలు గీకేసి, మళ్ళీ వేయాలి. గదికి ఊపిరి వచ్చేది ఈ రెండో పనితోనే. మేస్త్రీ మొదటిది చేసి వెళ్ళిపోతానంటాడు, వెళ్ళనివ్వకండి.

గమ్ము గురించి తెలియాల్సింది కొంచెమే. సంచి మీద ఐఎస్ 15477 అనే ముద్ర, విట్రిఫైడ్‌కు పనికొస్తుందన్న మాట ఉండాలి. 20 కిలోల సంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందానికి 40 నుంచి 50 చదరపు అడుగులు వస్తుంది, అంటే 215 చదరపు అడుగుల మన హాలు మొత్తానికి అయిదారు సంచులు. బెడ్డు ముందే సమంగా వేసి, తడిపి, ఆరనిచ్చి ఉండాలి, గమ్ముతో ఎత్తుపల్లాలు సర్దకూడదు. పళ్ళ తాపీతో గీతలన్నీ ఒకే దిక్కుకు గీసి, పలకను గీతలకు అడ్డంగా అటూ ఇటూ జరుపుతూ నొక్కితే గీతల మధ్య గాలి బయటికి పోతుంది. వలయాలు వలయాలుగా గీస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది. పరిచిన గమ్ము ఇరవై నిమిషాల్లో, ఫ్యాను కింద లేదా ఏప్రిల్ వడగాలిలో ఇంకా ముందే, పైన పొర కడుతుంది. వేలు పెడితే అంటుకోకపోతే గీకి పారేయాలి. నీళ్ళు చిలకరించి మళ్ళీ కలిపితే పనికిరాదు. విట్రిఫైడ్ పలకల్ని నీళ్ళలో నానబెట్టడమూ అనవసరం, పైగా వెనక తడి ఉంటే పట్టు తగ్గుతుంది.

పని సరిగా సాగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. మొదటి పలక వేసిన వెంటనే దాన్ని లేపించి వెనక చూడండి. ఇంటి లోపల కనీసం 80 శాతం గమ్ము అంటి ఉండాలి, బాత్రూములోనూ బాల్కనీలోనూ 95 శాతం. మూలలు ఖాళీగా ఉండకూడదు. మళ్ళీ మధ్యాహ్న భోజనం తర్వాత, మనుషులు అలసి పని వేగం పెరిగే వేళ, ఇంకొకటి లేపించండి. మంచి మేస్త్రీ దీనికి చిన్నబుచ్చుకోడు.

ఇక్కడి మేస్త్రీలు చాలావరకు హిందీలో మాట్లాడతారు. పని మొదలుకాకముందే, కూలి రేటు మాట్లాడేటప్పుడే, ఈ మాట చెప్పి ఒప్పించుకోండి: "దీవార్ సే ఏక్ సెంటీమీటర్ గ్యాప్ ఛోడియే, ఉస్‌మే మసాలా మత్ భరియే." ఆ తర్వాత స్కర్టింగ్ అతికించే రోజు ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా ఉండండి. అతికించకముందు ఒక స్టీలు స్కేలు తీసుకుని గది చుట్టూ గోడ పక్క సందులో దించుతూ నడవండి. స్కేలు స్లాబు దాకా దిగని ప్రతిచోటా మాలు పడి ఉంది. దాన్ని అప్పుడే గీకించండి, స్కర్టింగ్ పడ్డాక ఆ పని మళ్ళీ చేయించలేరు.